ఎకరం పొలానికి ఎన్ని గళ్లు?

పొలం కొలిచేటప్పుడు మూలల స్థానాలు రాసుకుని వాటిని గీతలతో కలుపుతాం. కంప్యూటర్ మ్యాపులో ఆ ఆకారాన్ని పాలిగాన్ అంటారు. ఉపగ్రహ చిత్రం అలా ఉండదు, అదంతా గళ్లే. లాండ్‌శాట్ చిత్రంలో ఎక్కువ బ్యాండ్లకు గడి 30 మీటర్లు. సెంటినెల్-2లో ముఖ్యమైన బ్యాండ్లకు 10 మీటర్లు. ఒక పొలంలో పైరు ఎలా ఉందో చిత్రంలో చూడాలంటే, ఏయే గళ్లు ఆ పొలానివో ముందు తేల్చుకోవాలి. పాలిగాన్‌ను ఇలా గళ్లలోకి మార్చడమే రాస్టరైజేషన్. గట్టు ఎప్పుడూ గడి అంచునే పోదు, గడి మధ్యలోంచి పోతుంది. అలా సగం లోపల, సగం బయట పడ్డ గళ్లతోనే చిక్కు.

తూర్పు పడమరలు 75 మీటర్లు, ఉత్తర దక్షిణాలు 54 మీటర్లు ఉన్న పొలాన్ని తీసుకుందాం. వైశాల్యం 4,050 చదరపు మీటర్లు, అంటే ఎకరం. దీన్ని 30 మీటర్ల గళ్ల మీద పరుద్దాం. పొలం నైరుతి మూల, అది పడ్డ గడి మూల నుంచి 10 మీటర్లు తూర్పుకు, 12 మీటర్లు ఉత్తరానికి ఉందనుకోండి.

పొలం మొత్తం తొమ్మిది గళ్లను తాకుతుంది. వాటిలో పూర్తిగా పొలం లోపల ఉన్నది ఒక్క గడే. చాలా సాఫ్ట్‌వేర్లు మామూలుగా పాటించే నియమం వేరు: గడి నడిమి బిందువు లోపల ఉంటే ఆ గడి పొలానిదే. ఆ లెక్కన ఆరు గళ్లు వస్తాయి. అంటే 5,400 చదరపు మీటర్లు, ఎకరం కాస్తా నూట ముప్పై మూడు సెంట్లయింది. తాకిన ప్రతి గడీ కలిపితే 8,100, సరిగ్గా రెండెకరాలు.

ఇప్పుడు అదే పొలాన్ని గళ్ల మీద 10 మీటర్లు తూర్పుకు, 8 మీటర్లు ఉత్తరానికి జరపండి. నడిమి బిందువు నియమంలో రెండే గళ్లు మిగులుతాయి, 1,800 చదరపు మీటర్లు. పొలం మారలేదు, గడి పరిమాణం మారలేదు. మారింది గళ్లు మొదలయ్యే చోటు ఒక్కటే.

అలాగని ఆ నియమం చెడ్డదని కాదు. ఒక పొలానికి పెరిగింది మరో పొలానికి తగ్గుతుంది కాబట్టి, వేల పొలాలున్న మండలం మొత్తానికి తేడా చాలావరకు సర్దుకుంటుంది. ఏ గడీ ఇద్దరు పక్క రైతులకూ పడదు. తాకినవన్నీ కలిపే పద్ధతిలో తప్పు ఎప్పుడూ పెరిగే వైపే ఉంటుంది. గట్టు మీది గడి ఆఖరున రాసిన పొలానికి పోతుంది. దాన్ని విస్తీర్ణం లెక్కలకు వాడకూడదు. కానీ ఎనిమిది మీటర్ల కాలువకు అదే కావాలి, లేకపోతే 30 మీటర్ల గళ్లలో కాలువ ముక్కలు ముక్కలుగా తెగి కనిపిస్తుంది.

గడి చిన్నది చేస్తే బాగుపడుతుంది గానీ, అనుకున్నంత కాదు. మన మొదటి పొలాన్ని 10 మీటర్ల గళ్ల మీద పరిస్తే 48 గళ్లను తాకుతుంది, పూర్తిగా లోపల ఉన్నవి 28. ఇంకా 20 గళ్లు గట్టు మీదే ఉన్నాయి.

విస్తీర్ణమే కావాలంటే, అవునో కాదో అనకుండా ప్రతి గడిలో పొలం వాటా ఎంతో రాయడం మేలు. GDAL ఉంటే రెండు మెట్లలో అయిపోతుంది. ముందు 3 మీటర్ల గళ్ల మీద గీసి, ఆపైన ప్రతి వంద చిన్న గళ్లకూ సగటు తీస్తాం:

```
gdal_rasterize -burn 1 -ot Float32 -tr 3 3 -te xmin ymin xmax ymax polam.gpkg sanna.tif
gdalwarp -r average -tr 30 30 -te xmin ymin xmax ymax sanna.tif vaata.tif
```

`-te` దగ్గర ఉపగ్రహ చిత్రం అంచుల అంకెలే ఇవ్వాలి. ఆ పని మానేసి `-tap` పెడితే గళ్లు 30 గుణిజాల దగ్గర మొదలవుతాయి. లాండ్‌శాట్‌లో ఆ గుణిజాల మీద ఉండేది గడి అంచు కాదు, గడి నడుమ. ఫలితంగా పొలం మ్యాపు, చిత్రం 15 మీటర్లు తప్పుకుంటాయి. పైన చూసినట్టు, అంత జరుగుడు చాలు లెక్క తారుమారు కావడానికి. పాలిగాన్ డిగ్రీల్లో ఉంటే ముందు మీటర్ల ప్రొజెక్షన్‌లోకి మార్చుకోవాలి, లేదంటే `-tr 3` అంటే మూడు డిగ్రీలని అర్థమవుతుంది.

పైరు పచ్చదనం కొలవాలంటే దారి వేరు. గట్టు మీది గడిలో పక్క పొలం వెలుగు, గట్టు మీది చెట్ల వెలుగు కలిసిపోతాయి. అక్కడ పూర్తిగా లోపల ఉన్న గళ్లే తీసుకోవాలి. ఎకరం పొలానికి లాండ్‌శాట్‌లో అలాంటి గళ్లు ఒకటో రెండో, ఒక్కోసారి అవీ దొరకవు. అప్పుడు ఆ పొలం గురించి ఆ చిత్రం నుంచి ఏమీ చెప్పలేమని ఒప్పుకోవడమే నిజాయితీ.

పని అయ్యాక వాటాలన్నీ కూడి గడి వైశాల్యంతో హెచ్చవేసి, పాలిగాన్ అసలు వైశాల్యంతో పోల్చి చూడండి. రెండూ దగ్గరగా లేకపోతే ఆ మ్యాపును ఎవరి చేతికీ ఇవ్వకండి. ఇచ్చేటప్పుడు గడి ఎంతో, గళ్లు ఎక్కడ మొదలయ్యాయో, ఏ నియమం వాడారో దాని కిందే రాసి ఇవ్వండి.