ఇవాళ రాలే జుట్టు, మూడు నెలల కిందటి తిండి

పొట్ట తగ్గించే ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చినవాళ్ళకు మొదటి రెండు నెలలూ జుట్టు సంగతే గుర్తుండదు. బరువు దిగుతూ ఉంటుంది, షుగర్ మాత్రలు తగ్గుతుంటాయి. మూడో నెల దాటాక ఒకరోజు తలంటుకుంటే జుట్టు గుప్పెడేసి చేతికొస్తుంది. ఆపరేషన్ చేసిన డాక్టరేమో హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో ఉంటారు. అమలాపురంలో అందుబాటులో ఉన్నది మందుల షాపు. అక్కడ బయోటిన్ మాత్రలు కొని తెచ్చుకుంటారు. చాలామంది విషయంలో ఆ డబ్బు వృథా. ఎందుకో తెలియాలంటే వెంట్రుక కుదురులో ఏం జరుగుతుందో చూడాలి.

మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. నూటికి 85 నుంచి 90 ఎప్పుడూ పెరుగుతూనే ఉంటాయి. మిగిలినవి రెండు మూడు నెలలు విశ్రాంతి తీసుకుని, కింద కొత్త వెంట్రుక మొలవగానే రాలిపోతాయి. రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. ఆపరేషన్ దెబ్బ, ఒక్కసారిగా తగ్గిన తిండి, కరిగిపోతున్న బరువు, ఇవన్నీ శరీరానికి కరువు కిందే లెక్క. కరువు వస్తే ప్రాణానికి అవసరం లేని పనిని శరీరం ముందు ఆపుతుంది. పెరుగుతున్న కుదుళ్ళు పెద్ద సంఖ్యలో ఒకేసారి విశ్రాంతిలోకి వెళ్తాయి. అయినా వెంట్రుక వెంటనే ఊడదు, విశ్రాంతి గడువు తీరాకే ఊడుతుంది. అందుకే జనవరిలో ఆపరేషన్ అయితే ఏప్రిల్‌లో జుట్టు రాలుతుంది. 1961లో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే చర్మవైద్యుడు దీనికి టెలోజెన్ ఎఫ్లూవియం అని పేరు పెట్టాడు. బాలింతలకు మూడో నెలలో రాలే జుట్టూ, టైఫాయిడ్ తగ్గిన కొన్నాళ్ళకు రాలే జుట్టూ ఇదే జాతి. ఆపరేషనే కానక్కర్లేదు. కఠినమైన డైట్ అయినా, కొత్తగా వచ్చిన బరువు తగ్గించే ఇంజెక్షన్ అయినా, బరువు మరీ వేగంగా దిగితే కుదురు స్పందించేది ఒకేలా.

రాలిన వెంట్రుకను వెలుతురులో పెట్టి చూడండి. మొదలు దగ్గర తెల్లటి చిన్న గుండు కనిపిస్తే అది గడువు తీరి ఊడినదే, కుదురు చావలేదు. గుండు లేకుండా మధ్యలో తెగితే అది వేరే సమస్య. రూపాయి బిళ్ళంత మేర నున్నగా పోయినా వేరే జబ్బే, చర్మవైద్యుడికి చూపించాలి.

ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో సగానికి పైగా జుట్టు రాలడం కనిపిస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి. మూడు నాలుగు నెలలకు మొదలై, మరో మూడు నుంచి ఆరు నెలల్లో దానంతట అదే తగ్గేదాన్ని మందులేవీ ఆపలేవు, ఆపనవసరమూ లేదు. ఆరు నెలలు దాటాక కొత్తగా మొదలైనా, ఏడాదికీ ఆగకపోయినా అది లోపం కబురు. ప్రొటీనో, ఐరనో, జింకో చాలడం లేదని అనుమానించాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రాజోలు వైపు 36 ఏళ్ళ గృహిణి, ఎత్తు 158 సెంటీమీటర్లు, స్లీవ్ ఆపరేషన్ అయిందనుకోండి. అంటే జీర్ణాశయంలో ముప్పావు వంతుకు పైగా తీసేశారు. ఉదయం ఒక ఇడ్లీ, కొబ్బరి చట్నీ. పదకొండింటికి కొబ్బరి నీళ్ళు. మధ్యాహ్నం నాలుగు ముద్దల చారన్నం, కాస్త పెరుగు. సాయంత్రం టీ, రెండు బిస్కెట్లు. రాత్రి రాగి జావ. ఆమెకు కడుపు నిండినట్టే ఉంటుంది. లెక్క వేస్తే ప్రొటీన్ 11 గ్రాములు. చిన్న చేపముక్క తిన్నరోజు 20. కొబ్బరి నీళ్ళలో ప్రొటీన్ దాదాపు లేదు. పచ్చికొబ్బరి వంద గ్రాములు తిన్నా వచ్చేది నాలుగు గ్రాములే, మిగతాది ఎక్కువగా నీరు, కొవ్వు. ఆమెకు కావలసింది రోజుకు కనీసం 60 గ్రాములు.

ఆ చిన్న పొట్టలోనే ఇది సాధ్యమే. ఉదయం ఉడికించిన గుడ్డు, 150 మిల్లీలీటర్ల పాలు: 11 గ్రాములు. పదకొండింటికి వంద గ్రాముల గట్టి పెరుగు: 3. మధ్యాహ్నం 80 గ్రాముల చేప, అరకప్పు ముద్దపప్పు: 19. సాయంత్రం నీళ్ళలో కలిపిన ప్రొటీన్ పొడి ఒక స్కూపు: 20. రాత్రి 50 గ్రాముల పనీర్: 9. మొత్తం 62. ఇక్కడ ముఖ్య నియమం: ముందు చేప, పప్పు, చోటు మిగిలితే అన్నం. నీళ్ళు భోజనంతో కాకుండా అరగంట ఆగి తాగాలి. కోడి వేపుడు గొంతు దిగనివాళ్ళకు కూడా పులుసులో ఉడికిన శీలావతి, బొచ్చె ముక్కలు హాయిగా దిగుతాయి. ముళ్ళు తీసి మెత్తగా నమిలి తినడమే. ఈ విషయంలో కోనసీమ వంటిల్లు అదృష్టమైనది.

చిక్కు వచ్చేది కార్తీక మాసంలో. నీచు మానేసి, సోమవారాలు ఉపవాసం ఉంటే ప్రొటీన్ చాలామేర తగ్గిపోతుంది. వాడపల్లి ఏడు శనివారాలు మొక్కుకున్నవాళ్ళదీ ఇదే సంగతి. మొక్కు మానమని చెప్పను. ఆ రోజులకు పనీర్, సోయా, పెసరపప్పు, ప్రొటీన్ పొడితో లెక్క ముందే వేసుకోమంటాను.

ఇక ఐరన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే చాలామంది నిల్వలు అడుగంటిన స్థితిలోనే ఆపరేషన్‌కు వెళ్తున్నారు. ఐరన్ ఒంటబట్టడానికి జీర్ణాశయంలోని ఆమ్లం సాయం కావాలి. స్లీవ్‌లో ఆమ్లం తగ్గుతుంది. పొట్ట తగ్గించే మరో ఆపరేషన్ బైపాస్‌లో అయితే ఐరన్‌ను బాగా పీల్చుకునే చిన్నపేగు మొదటి భాగానికి తిండి చేరనే చేరదు. నెలసరి వచ్చే స్త్రీకి ఈ ఆపరేషన్ల తర్వాత రోజుకు 45 నుంచి 60 మిల్లీగ్రాముల ఐరన్ సిఫారసు చేస్తారు. టీతో వేసుకుంటే ఆ మాత్ర సగం వృథా. కాల్షియం మాత్రకూ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి. హిమోగ్లోబిన్ బాగున్నా నిల్వ ఖాళీగా ఉండొచ్చు. నిల్వ సంగతి చెప్పేది ఫెర్రిటిన్ పరీక్ష. ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఉన్నప్పుడు ఫెర్రిటిన్ ఎక్కువగా చూపిస్తుంది కాబట్టి జ్వరంలో చేయించకండి.

జింక్ లోపిస్తే జుట్టు రాలే మాట నిజం. కానీ పరీక్ష లేకుండా నెలల తరబడి ఎక్కువ మోతాదులో మింగితే శరీరంలో రాగి తగ్గిపోయి రక్తహీనత, కాళ్ళ తిమ్మిర్లు వస్తాయి. బయోటిన్ లోపం అరుదు. పైగా పెద్ద మోతాదులో వాడితే థైరాయిడ్ పరీక్ష తప్పు చూపించవచ్చు. జుట్టు రాలడానికి థైరాయిడూ ఒక కారణమే కనుక ఈ తప్పు చిన్నది కాదు.

జుట్టు కన్నా ముందు పట్టించుకోవలసిన ఆపద ఒకటుంది. ఆపరేషన్ తర్వాత రోజుల తరబడి వాంతులవుతుంటే విటమిన్ బి1 అడుగంటుతుంది. నీరసమని ఊళ్ళో గ్లూకోజ్ సెలైన్ పెట్టిస్తే మెదడుకు హాని జరగొచ్చు. ముందు బి1 ఇంజెక్షన్ ఇవ్వాలి. చూపు రెండుగా కనబడినా, నడక తూలినా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

తిండి సరిదిద్దిన వారానికే జుట్టు రాలడం ఆగదు. కుదురు మేల్కొని, నెలకు సెంటీమీటరు చొప్పున పెరిగి, నుదుటి అంచున చిన్న వెంట్రుకలుగా కనబడటానికి మూడు నాలుగు నెలలు పడుతుంది.

ఆపరేషన్‌కు వెళ్ళేవాళ్ళకు నా మనవి: డిశ్చార్జి కాగితం మీదే మూడు, ఆరు, పన్నెండు నెలల పరీక్షల తేదీలు రాయించుకోండి. రక్తం అమలాపురంలోనో కొత్తపేటలోనో ఇచ్చి, రిపోర్టు డాక్టరుకు ఫోన్లో పంపి మాట్లాడవచ్చు. హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్, బి12, విటమిన్ డి ఎలాగూ ఉంటాయి. బైపాస్ అయినవాళ్ళు జింక్, రాగి కూడా అడిగి రాయించుకోండి. మొదటి ఏడాది తర్వాత కూడా ఏడాదికోసారి, జీవితాంతం ఈ పరీక్షలు చేయించుకోవాలి.