ఉద్యోగ ప్రకటనలలో పునరుక్తుల తొలగింపు

ఉద్యోగ ప్రకటనలలో పునరుక్తుల తొలగింపు అనగా ఒకే ఖాళీ గురించి కంపెనీ సొంత పేజీలోను, ఉద్యోగ పోర్టళ్ళలోను, కన్సల్టెన్సీల ద్వారాను వెలువడిన ప్రకటనలను గుర్తించి, వాటిని ఒకే నమోదుగా చూపే ప్రక్రియ. ఇది జరగనిచోట అభ్యర్థికి ఒక ఖాళీ మూడుగా కనబడుతుంది. తెలియక రెండు కన్సల్టెన్సీల ద్వారా దరఖాస్తు చేస్తే, అతనిని ఎవరు పంపారన్న వివాదంలో ఆ దరఖాస్తు తిరస్కరణకు గురయ్యే ప్రమాదం ఉంది.

ఉదాహరణ

రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలంలోని ఖాజాగూడలో ఒక కంపెనీకి జావా డెవలపరు కావాలనుకుందాం. స్థలం కంపెనీ పేజీలో "ఖాజాగూడ" అని, పోర్టలులో "హైదరాబాదు" అని ఉంటుంది. కన్సల్టెన్సీ ప్రకటనలో కంపెనీ పేరు లేకుండా "ప్రముఖ బహుళజాతి సంస్థ, గచ్చిబౌలి సమీపంలో" అని ఉంటుంది. ఈ మాటలు వేరైనా వాటి మధ్య వైరుధ్యం లేదు. కనుక స్థలాలను అక్షరాలా కాక, ఏ ప్రాంతం దేనిలో భాగమో, దేనికి పొరుగునో చూసి పోల్చాలి.

పాఠ్యాన్ని పోల్చుట

పదివేల ప్రకటనలను జతలుగా పోల్చాలంటే దాదాపు 5 కోట్ల జతలు ఏర్పడతాయి. అందువలన ముందుగా ఒకే నగరం, ఒకే వృత్తి గల ప్రకటనలను ఒక గుంపులో చేర్చి, గుంపులోపలే పోలుస్తారు.

తరువాత ప్రతి ప్రకటనను వరుసగా వచ్చే మూడేసి పదాల ముక్కలుగా విడగొడతారు. రెండింటిలోనూ ఉన్న ముక్కల సంఖ్యను మొత్తం వేర్వేరు ముక్కల సంఖ్యతో భాగిస్తే పోలిక విలువ వస్తుంది. వెబ్ పేజీలకు ఈ కొలతను వేగంగా అంచనా కట్టే పద్ధతిని 1997లో ఆండ్రీ బ్రోడర్ ప్రతిపాదించాడు.

పై ఉదాహరణలో కంపెనీ ప్రకటనలో 60, కన్సల్టెన్సీ ప్రకటనలో 54 ముక్కలు ఉండి, 42 ఉమ్మడిగా ఉంటే విలువ 42/72, అనగా 0.58. ఇది నమ్మదగినంత ఎక్కువ కాదు. ఇరువురి స్వపరిచయ వాక్యాలను తొలగించగా 48, 44 ముక్కలు మిగిలి, ఉమ్మడివి 42గానే ఉంటే విలువ 42/50, అనగా 0.84 అవుతుంది. ఉద్యోగ వివరణను మాత్రమే పోల్చాలనడానికి కారణం ఇదే.

పరిమితులు

పోలిక ఎక్కువైనంత మాత్రాన ఖాళీ ఒకటే అని చెప్పలేము. అదే కంపెనీ బెంగుళూరు ఖాళీకి అదే వివరణను వాడితే విలువ 1కి చేరువవుతుంది, కాని ఉద్యోగాలు రెండు. కాబట్టి స్థలంలోగాని, కోరిన అనుభవంలోగాని స్పష్టమైన వైరుధ్యం ఉంటే కలపరాదు. schema.org వారి JobPosting నమూనాలో identifier అనే గుర్తింపు సంఖ్య ఉంది. కన్సల్టెన్సీ అందులో తన సొంత సంఖ్యను వేసే అవకాశం ఉన్నందున, సంఖ్యను ఇచ్చినవారి పేరుతో కలిపి చూడాలి.

పొరపాటున కలిపితే ఒక నిజమైన ఖాళీ అభ్యర్థికి కనబడకుండా పోతుంది. కలపకపోతే ఒకటి అదనంగా కనబడుతుంది. మొదటిదే ఎక్కువ నష్టం కనుక, సందేహమున్న జతలను విడిగా ఉంచి "ఇటువంటిదే మరొకటి" అని సూచించడం మేలు. కలిపినపుడు కంపెనీ పేజీని ప్రధాన నమోదుగా ఉంచి, మిగిలిన లంకెలను దాని క్రింద చూపుతారు. కంపెనీ పేజీలో ఖాళీ మూసివేయబడితే, మిగిలినచోట్ల ఇంకా కనబడుతున్నా ఆ నమోదును తొలగిస్తారు.