స్లాబు చెకింగు ఏ రోజు పెట్టుకోవాలి?

ఊర్లో ఇల్లు కట్టిస్తున్నోళ్లు ఎక్కువమంది స్లాబు పోశాక వీడియో చూస్తారు. అప్పుడు చూస్తే కనబడేది సిమెంటే. చూడాల్సింది సలాక కట్టడం అయిపోయి, కాంక్రీటు ఇంకా పోయని ఆ ఒక్క రోజు.

కువైట్‌లో ఉన్న మనిషి, జగిత్యాల దగ్గర ఇల్లు, సైటు మీద బామ్మర్ది అనుకుందాం. మనకు సెలవు శుక్రవారం. ఇక్కడ ఏడు గంటలంటే అక్కడ తొమ్మిదిన్నర. కాబట్టి మేస్త్రికి వారం ముందే చెప్పాలి: గురువారం సాయంత్రానికి సలాక, కరెంటు పైపులు పూర్తి కావాలి, శుక్రవారం తొమ్మిదిన్నరకు చెకింగు, పోత శనివారం. ఇది ముగ్గురూ ఉన్న వాట్సాప్ గ్రూపులో రాసి పెట్టండి. ఫోన్ మాట రేపటికి మారిపోతుంది.

వీడియో కాల్‌లో బామ్మర్ది టేపు పట్టాలి. డ్రాయింగులో సలాకల దూరం ఆరు అంగుళాలని ఉంటే, ఒక సలాక దగ్గర టేపు మొదలుపెట్టి అయిదడుగులు పరిచి ఖాళీలు లెక్కపెట్టమనండి. పది రావాలి. ఎనిమిదే వస్తే దూరం ఏడున్నర అంగుళాలు, అంటే సలాక తగ్గించారు. ఒకచోట కాదు, ప్రతి గదిలో, రెండు వైపులా చూడాలి. కింద కవర్ బ్లాకులు లేక సలాక సెంట్రింగు రేకుకు ఆనుకుంటే అక్కడే తర్వాత తుప్పు పట్టి పెచ్చులూడుతుంది.

"మిల్లర్ వచ్చేసింది బావా, ఈ రోజే పోస్తారంట" అని గురువారమే ఫోన్ వస్తుంది. మొహమాటానికి బామ్మర్ది సరే అనేస్తాడు, పాపం రోజూ మేస్త్రి మొహం చూడాల్సింది ఆయనే. అందుకే సరే అనే పని ఆయన మీద పెట్టొద్దు. స్లాబు కిస్తు చెకింగు అయ్యాకే పంపుతానని గ్రూపులో మీరే రాయండి.