రెండు గంటలు, ఒక యూనిట్: ఏది పట్టుకోవాలి, ఏది వదలాలి

పరీక్ష పది గంటలకు. ప్రయాణం, హాల్‌టికెట్, టిఫిన్ అన్నీ పోగా పుస్తకం ముందు కూర్చోవడానికి నికరంగా మిగిలింది రెండు గంటలు. నాలుగు యూనిట్లు ఎలాగో అయ్యాయి, ఒకటి మాత్రం తెరవనే లేదు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ప్రతి సెమిస్టర్‌లోనూ ఎంతోమందికి ఎదురయ్యే పరిస్థితే ఇది. ఆ సమయంలో చాలామంది మెటీరియల్‌ మొదటి పేజీ తీసి, వరసగా చదువుతూ, ముఖ్యం అనిపించిన వాక్యాలన్నీ తెల్లకాగితం మీదికి ఎక్కిస్తారు. గంటన్నర గడిచేసరికి యూనిట్‌లో మూడోవంతు నీటుగా కాగితం మీద ఉంటుంది. ఎక్కువ మార్కులు తెచ్చే భాగం ఇంకా పుస్తకంలోనే ఉంటుంది.

జేఎన్‌టీయూ హైదరాబాద్ బీటెక్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్‌నే తీసుకుందాం. అందులో మూడో యూనిట్‌లో రెండు పెద్ద పాఠాలున్నాయి. ఒకటి డెడ్‌లాక్స్, రెండోది ప్రాసెస్ సింక్రనైజేషన్. ఆర్22 నిబంధనల ప్రకారం పరీక్ష 60 మార్కులకు. పార్ట్ ఏలో ఒక్కో మార్కు చొప్పున పది చిన్న ప్రశ్నలు, పార్ట్ బీలో యూనిట్‌కు ఒకటి చొప్పున పది మార్కుల ప్రశ్నలు ఐదు. పార్ట్ బీలో ప్రతి ప్రశ్నకూ ఛాయిస్ ఉంటుంది. మూడో యూనిట్‌కు వచ్చేసరికి ఆరో ప్రశ్న రాయాలి, లేదా ఏడో ప్రశ్న రాయాలి. అంటే ఈ యూనిట్ నుంచి రాయాల్సిన పెద్ద జవాబు ఒక్కటే. దాన్ని బట్టే మిగతా నిర్ణయాలన్నీ తీసుకోవాలి.

కాబట్టి మొదటి పది నిమిషాలు పాఠం జోలికి పోకూడదు. సిలబస్ కాపీ, మూడు నాలుగు పాత ప్రశ్నపత్రాలు పక్కపక్కన పెట్టుకుని, ఆరు, ఏడు ప్రశ్నలు మాత్రమే చూడాలి. ఏ టాపిక్ ఎన్నిసార్లు వచ్చిందో సిలబస్ మీదే గీతలు గీయాలి. ఇంకో సంగతి కూడా గమనించాలి. ఆరు పూర్తిగా డెడ్‌లాక్స్, ఏడు పూర్తిగా సింక్రనైజేషన్ అయితే ఒక పాఠం గట్టిగా పట్టుకున్నా సరిపోతుంది. కానీ ఒకే ప్రశ్నలో ఏ బిట్ ఇందులోంచి, బీ బిట్ అందులోంచి వస్తుంటే, ఒక పాఠాన్ని మొత్తంగా ఛాయిస్‌లో వదిలేసినవాళ్లకు ఐదు మార్కుల దగ్గరే చెయ్యి ఆగిపోతుంది. కాబట్టి నా సలహా, ఏ పాఠాన్నీ మొత్తంగా వదలకండి. రెండింటిలోంచీ కొంత కొంత వదలండి.

ఏది వదలాలో తేల్చడానికి, ఎన్నిసార్లు వచ్చింది అన్న లెక్క ఒక్కటే చాలదు. ఒక్కటి నేర్చుకుంటే ఇంకెన్ని వాటంతటవే వస్తాయో కూడా చూడాలి. ఈ యూనిట్‌లో అలాంటి మూలం డెడ్‌లాక్‌కు కావలసిన నాలుగు షరతులు. 1971లో కాఫ్‌మన్, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి రాసిన వ్యాసం వల్ల వీటిని కాఫ్‌మన్ షరతులనీ అంటారు. ఒక ప్రోగ్రామ్ ప్రింటర్ పట్టుకుని స్కానర్ కోసం ఎదురుచూస్తోంది, ఇంకోటి స్కానర్ పట్టుకుని ప్రింటర్ కోసం ఎదురుచూస్తోంది అనుకోండి. ఒక వస్తువు ఒకసారికి ఒక్కరికే దొరకడం మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్. ఉన్నది వదలకుండా లేనిదాని కోసం ఆగడం హోల్డ్ అండ్ వెయిట్. పట్టుకున్నవాడి చేతిలోంచి బలవంతంగా లాక్కోలేకపోవడం నో ప్రీఎంప్షన్. ఒకరి కోసం ఒకరు చక్రంలా ఎదురుచూడడం సర్క్యులర్ వెయిట్. నాలుగూ ఒకేసారి ఉంటేనే డెడ్‌లాక్.

ఈ నాలుగూ వస్తే డెడ్‌లాక్ ప్రివెన్షన్ అనే టాపిక్‌ను విడిగా చదవక్కర్లేదు. నాలుగింటిలో ఒకదాన్ని తప్పించడమే ప్రివెన్షన్. కావలసినవన్నీ మొదట్లోనే అడగాలి అంటే హోల్డ్ అండ్ వెయిట్ తప్పుతుంది. వనరులకు నంబర్లు వేసి, చిన్న నంబరు నుంచి పెద్ద నంబరుకే అడగాలి అంటే సర్క్యులర్ వెయిట్ తప్పుతుంది. మీ కాగితం మీద ప్రివెన్షన్ అని హెడ్డింగ్ పెట్టి అర పేజీ ఎత్తి రాయాల్సిన పని లేదు, నాలుగు పేర్ల పక్కన నాలుగు ముక్కలు చాలు. దీనికి పదిహేను నిమిషాలు పడుతుంది.

ఎక్కువ సమయం ఇవ్వాల్సింది బ్యాంకర్స్ అల్గారిథమ్‌కు. నలభై నిమిషాలైనా ఇవ్వండి. లెక్క ప్రశ్న కాబట్టి సరిగ్గా వస్తే మార్కులు కోయడానికి కారణం ఉండదు. పైగా చేసింది ఒప్పో తప్పో మనకే తెలిసిపోతుంది. డైక్‌స్ట్రా ఇచ్చిన ఈ పద్ధతిలో ఆలోచన ఒక్కటే. ఇప్పుడు చేతిలో ఉన్న వనరులతో అందరి పనీ ఏదో ఒక వరసలో పూర్తి చేయగలమా అని చూసుకున్నాకే ఎవరికైనా ఇవ్వాలి.

చిన్న లెక్క చేద్దాం. ఒకే రకం వనరులు మొత్తం 10. పీ1 దగ్గర 4 ఉన్నాయి, గరిష్ఠంగా 8 కావాలి. పీ2 దగ్గర 2, గరిష్ఠం 4. పీ3 దగ్గర 2, గరిష్ఠం 7. ముందు నీడ్ కట్టాలి, అంటే గరిష్ఠంలోంచి ఇచ్చినవి తీసేయాలి. పీ1కు 4, పీ2కు 2, పీ3కి 5. ఇచ్చేసినవి మొత్తం 8, చేతిలో మిగిలింది 2. ఈ రెండుతో తీరేది పీ2 ఒక్కటే. అది పని ముగించి తన దగ్గరున్న 2 కూడా వదిలేస్తే చేతిలో 4 అవుతాయి. పీ1కు కావలసింది సరిగ్గా 4. అదీ ముగిస్తే తనకు మొదట ఇచ్చిన 4 కలిసి 8. పీ3కి 5 చాలు, అదీ ముగిస్తే 10. వరస పీ2, పీ1, పీ3. వ్యవస్థ సేఫ్ స్టేట్‌లో ఉంది.

చివరికి చేతికి 10 రావాలి, అంటే మొదట్లో ఉన్న మొత్తం. రాకపోతే ఎక్కడో తప్పు జరిగినట్టే. సాధారణంగా జరిగే పొరపాటు ఏమిటంటే, ఒక ప్రాసెస్ ముగిశాక దాని అలకేషన్ కలపాల్సింది పోయి గరిష్ఠాన్ని కలపడం. అప్పుడు పీ2 ముగియగానే చేతిలో 6 వస్తాయి, చివరి మొత్తం పదిని దాటిపోతుంది. ఈ సరిచూపు తెలిసినవాళ్లు హాల్లో లెక్క రెండోసారి చేయాల్సిన పని ఉండదు.

లెక్క రెండో భాగంలో సాధారణంగా ఒక రిక్వెస్ట్ అడుగుతారు. పీ3 ఇంకొకటి అడిగింది, ఇవ్వొచ్చా? ఇచ్చినట్టు అనుకుంటే చేతిలో 1 మిగులుతుంది. పీ1కు 4, పీ2కు 2, పీ3కి 4 కావాలి. ఎవరికీ చాలదు, కాబట్టి అన్‌సేఫ్, ఇవ్వకూడదు. అన్‌సేఫ్ అంటే డెడ్‌లాక్ వచ్చేసిందని కాదు, వచ్చే అవకాశం ఉందని. ఈ తేడాను చిన్న ప్రశ్నగానూ అడగవచ్చు. ఇంకో లాభం కూడా ఉంది. డెడ్‌లాక్ డిటెక్షన్ అల్గారిథమ్‌లోనూ దాదాపు ఇదే పట్టిక. నీడ్ ఉన్న చోట ఆ క్షణంలో అడుగుతున్న రిక్వెస్ట్ ఉంటుంది. మీ కాగితం మీద ఆ ఒక్క మార్పు రాసుకుంటే రెండో అల్గారిథమ్ కూడా వచ్చినట్టే.

సింక్రనైజేషన్‌లో క్రిటికల్ సెక్షన్‌కు కావలసిన మూడు గుణాలు, మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్, ప్రోగ్రెస్, బౌండెడ్ వెయిటింగ్, ఐదు నిమిషాల్లో అయిపోతాయి. తర్వాత సెమాఫోర్‌లతో ప్రొడ్యూసర్–కన్జ్యూమర్ సమస్య. ఈ పాఠంలో ఒక్క కోడే నేర్చుకోవడానికి టైముంటే, అది ఇదే. బఫర్‌లో n గదులుంటే empty విలువ n, full విలువ 0, mutex విలువ 1తో మొదలవుతాయి. ప్రొడ్యూసర్ వైపు కోడ్ ఇదీ:

```
wait(empty);
wait(mutex);
// బఫర్‌లో వస్తువు పెట్టాలి
signal(mutex);
signal(full);
```

కన్జ్యూమర్ వైపు empty, full చోట్లు మారతాయి, అంతే. కంఠస్థం చేసేవాళ్లు మొదటి రెండు లైన్లు తారుమారు చేస్తుంటారు. అలా చేస్తే ఏమవుతుందో ఒకసారి ఊహించండి. బఫర్ నిండి ఉంది. ప్రొడ్యూసర్ mutex పట్టుకుని empty కోసం ఆగింది. కన్జ్యూమర్ వస్తువు తీస్తేనే గది ఖాళీ అవుతుంది, కానీ దానికి mutex దొరకదు. ఒకటి పట్టుకుని ఇంకోటి కోసం ఆగడం, చక్రంలా ఎదురుచూడడం, అంటే పొద్దున మొదట చదివిన నాలుగు షరతులే మళ్లీ వచ్చాయి. డైనింగ్ ఫిలాసఫర్స్ సమస్యలోనూ అంతే. ఐదుగురూ ఒకేసారి ఎడమ చేతి ఫోర్కు తీసుకుంటే సర్క్యులర్ వెయిట్. ఒక్కరు కుడి ఫోర్కు ముందు తీసుకుంటే చక్రం తెగుతుంది. రెండు పాఠాలూ ఒకటే కథ అని తెలిశాక ఈ రెండూ కలిపి అరగంటలో వస్తాయి.

"సర్, మానిటర్స్ వదిలేయొచ్చా?" అని అడుగుతారు పిల్లలు. వదిలేయండి. మానిటర్ అంటే ఏమిటో ఒక వాక్యం, టెస్ట్ అండ్ సెట్ అంటే ఏమిటో ఒక వాక్యం, పార్ట్ ఏ కోసం రాసుకోండి. వాటి సింటాక్స్, క్రిటికల్ రీజియన్స్, రీడర్స్–రైటర్స్ కోడ్ ఈ పూటకు వద్దు. పాత పేపర్లలో వాటి పక్కన మీరు గీసిన గీతలు ఎక్కువుంటే మాత్రం నా మాట పక్కన పెట్టి ఆ గీతల మాటే వినండి.

చివరి ఇరవై నిమిషాలు కొత్తది ఏదీ తెరవొద్దు. కాగితం తిప్పేసి నాలుగు షరతులు, ఆ కోడ్, ఒక చిన్న బ్యాంకర్స్ లెక్క చూడకుండా రాయండి. చదివింది గుర్తుచేసుకుని రాయడం మీద రోడిగర్, కార్పికీ 2006లో చేసిన ప్రయోగం చాలామందికి తెలిసిందే. అందులో రెండు రోజుల తర్వాత, వారం తర్వాత అలా రాసుకున్నవాళ్లదే పైచేయి. కానీ ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవాళ్లే కాస్త ముందున్నారు. కాబట్టి పరీక్ష ఇంత దగ్గరలో ఉన్నప్పుడు చూడకుండా రాయడాన్ని తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికే వాడుకోండి. తప్పు దొరికిన లైన్‌ను వెంటనే పుస్తకంలో చూసి సరిచేసుకుని, ఇంకోసారి చదివి లేవండి.

హాల్లో ఆరు, ఏడు ప్రశ్నలు రెండూ, ఏ, బీ బిట్లతో సహా పూర్తిగా చదివాకే ఒకటి ఎంచుకోండి. బ్యాంకర్స్ లెక్క కనిపిస్తే ముందు చిత్తులో చివరి మొత్తం సరిపోయిందో లేదో చూసుకుని, ఆ తర్వాతే జవాబుపత్రంలో పట్టిక గీయండి.