పరీక్షల ముందు క్యాంపస్ కొలువుకు సెలవు

అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్న మన పిల్లల్లో చాలామందికి క్యాంపస్‌లోనే ఓ చిన్న ఉద్యోగం ఉంటుంది. డైనింగ్ హాల్లో వడ్డించడమో, లైబ్రరీలో పుస్తకాలు సర్దడమో. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు తరగతులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. ఫైనల్స్ దగ్గరపడేసరికి ఆ 20 గంటలే బరువవుతాయి. మానేద్దామని అనుకుంటారు గానీ, సూపర్‌వైజర్‌కి ఎలా చెప్పాలో తెలియక నాన్చుతారు.

కొందరైతే మొహమాటపడి, చెప్పాపెట్టకుండా షిఫ్టులకు వెళ్లడం ఆపేస్తారు. ఇంతకంటే చెడ్డ పద్ధతి లేదు. ఆ రోజు పని తోటి విద్యార్థి నెత్తిన పడుతుంది, తర్వాతి సెమిస్టర్‌లో అదే చోట మళ్లీ పని అడగడానికి ముఖం చెల్లదు. ఇంకొందరు పేజీడు క్షమాపణలు రాస్తారు. అదీ అక్కర్లేదు. మేనేజర్‌కి కావలసింది ఒక్కటే: మీ షిఫ్టులకు ఏ తేదీ నుంచి వేరే మనిషిని చూసుకోవాలి?

మే 4న పరీక్షలు మొదలవుతాయనుకుందాం. రెండు వారాల ముందు చెప్పడం అక్కడి ఆనవాయితీ. కాబట్టి ఏప్రిల్ 10న మెయిల్ పెట్టి, 24ను ఆఖరి రోజుగా చూపితే సరిపోతుంది. ఇంగ్లీషులో పెట్టే ఆ మెయిల్ సారాంశం ఇంతే:

"నమస్కారం. ఫైనల్ పరీక్షలకు చదువుకోవడానికి డైనింగ్ హాల్ ఉద్యోగం మానేస్తున్నాను. నా ఆఖరి షిఫ్టు ఏప్రిల్ 24, శుక్రవారం. అప్పటిదాకా నా షిఫ్టులన్నీ చేస్తాను, కొత్తగా వచ్చేవారికి పని చూపిస్తాను. ఇక్కడ పని చేసే అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు."

ఇందులో మార్కుల గోడు లేదు, షిఫ్టుల మీద ఫిర్యాదు లేదు. 'బహుశా', 'వీలైతే' లాంటి మాటలూ లేవు. అవి ఉంటే మేనేజర్ ఇంకో రెండు వారాలు ఉండమని బతిమాలతాడు. మెయిల్‌కి ముందు ఎదురుగా ఓ మాట చెప్తే ఇంకా మర్యాద.

డైనింగ్ హాల్ పని మానేసినంత మాత్రాన వీసాకు ఇబ్బంది రాదు. ఆ ఉద్యోగంతో వచ్చిన సోషల్ సెక్యూరిటీ నంబరూ ఎక్కడికీ పోదు. టీచింగ్, రీసెర్చ్ అసిస్టెంట్ల సంగతి మాత్రం వేరు. వాళ్లకు ఫీజు మినహాయింపు ఆ ఉద్యోగానికే ముడిపడి ఉండొచ్చు. సెమిస్టర్ మధ్యలో మానేస్తే ఫీజు బిల్లు చేతికొచ్చే ప్రమాదం ఉంది. రాజీనామా రాసే ముందే ఆఫర్ లెటర్ మళ్లీ చదివి, డిపార్ట్‌మెంటులో కనుక్కోవాలి.

ఆఖరి రోజు యూనిఫారం, తాళాలు అప్పగించి, పని గంటలన్నీ నమోదయ్యాయో లేదో సరిచూసుకోండి. గది మారితే పేరోల్ ఆఫీసులో కొత్త అడ్రసు ఇవ్వండి. పన్ను రిటర్ను వేయడానికి కావలసిన డబ్ల్యు-2 ఫారం మరుసటి జనవరిలో ఆ అడ్రసుకే వస్తుంది.