ఆరు కార్బన్ల వలయానికి బిగువెందుకు లేదు?

కార్బన్ పరమాణువు నాలుగు బంధాలను ఏర్పరుస్తుంది. అడ్డేమీ లేకపోతే వాటి మధ్య కోణం 109.5 డిగ్రీలు. కార్బన్లు వలయంగా చేరితే ఆ కోణం మారక తప్పదు. మూడు కార్బన్ల సైక్లోప్రొపేన్‌లో అది 60 డిగ్రీలకు కుదించుకుపోతుంది. నాలుగు కార్బన్లుంటే 90, అయిదుంటే 108, ఆరుంటే 120. ఈ లెక్కతోనే జర్మన్ రసాయనవేత్త అడాల్ఫ్ ఫాన్ బేయర్ 1885లో ఒక సిద్ధాంతం చెప్పారు: సహజ కోణానికి ఎంత దూరమైతే వలయంలో అంత బిగువు. అలా చూస్తే అన్నిటికన్నా హాయిగా ఉండాల్సింది అయిదు కార్బన్ల వలయమే.

అది నిజమో కాదో తేల్చాలంటే వాటిని కాల్చి చూడాలి. ఈ వలయాలన్నీ CH₂ ముక్కలతో కట్టినవే. ఏ ముక్క కాలినా మిగిలేవి ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు, ఒక నీటి అణువు. కాబట్టి ఒక వలయంలో ముక్కకు ఎక్కువ వేడి వస్తే, ఆ అదనం వలయంలో దాగిన బిగువుదే. పోల్చడానికి కొలబద్ద పొడవాటి గొలుసు ఆల్కేన్లు. వాటిలో ఒక్కో CH₂ పెరిగే కొద్దీ దహనోష్ణం మోల్‌కు సుమారు 157.4 కిలోకెలోరీలు పెరుగుతుంది.

సైక్లోప్రొపేన్ మోల్‌కు 499.8 కిలోకెలోరీలు ఇస్తుంది. మూడుతో భాగిస్తే 166.6. ముక్కకు 9.2 అదనం, మొత్తం వలయానికి 27.6. ఇదే దాని రింగ్ స్ట్రెయిన్. సైక్లోపెంటేన్‌లో ఇది సుమారు 6.5కు దిగుతుంది. సైక్లోహెక్సేన్ దహనోష్ణం 944.5, ఆరుతో భాగిస్తే వచ్చేది 157.4. గొలుసుకూ దానికీ తేడా దాదాపు సున్నా!

బేయర్ లెక్క తప్పింది ఒక్క చోటే. వలయాలన్నీ బల్లపరుపుగా ఉంటాయని ఆయన అనుకున్నారు. ఆరు కార్బన్లు ఒకటి పైకి, ఒకటి కిందికి మడతపడితే కోణాలు సహజంగానే ఉంటాయని 1890లోనే హెర్మన్ జాక్సే చూపించారు. గణితంతో నిండిన ఆ వాదనను అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1893లో, చిన్న వయసులోనే ఆయన చనిపోయారు. 1918లో ఎర్నెస్ట్ మోర్ ఆ ఆలోచనకు మళ్లీ ప్రాణం పోశారు. తర్వాత నార్వేలో ఆడ్ హాసెల్ ఎలక్ట్రాన్ వివర్తనంతో ఆ ఆకారాన్ని నిర్ధారించారు. 1969 నోబెల్ బహుమతిని డెరెక్ బార్టన్‌తో పంచుకున్నారు.

కుర్చీలా కనిపించే ఈ రూపంలో కార్బన్ల మధ్య కోణం సుమారు 111 డిగ్రీలు. అంతకన్నా ముఖ్యం, ఏ బంధం వెంట చూసినా పక్కపక్క కార్బన్ల హైడ్రోజన్లు ఎదురెదురుగా పడవు. సైక్లోపెంటేన్‌ను దెబ్బతీసేది సరిగ్గా ఇదే. బల్లపరుపుగా ఉంటే దాని కోణానికి లోటు లేదు, కానీ హైడ్రోజన్లన్నీ ఎదురెదురుగా నిలుస్తాయి. అందుకే అది కొద్దిగా మడతపడుతుంది, అయినా బిగువు పూర్తిగా పోదు.

సైక్లోప్రొపేన్‌కు ఆ వెసులుబాటు కూడా లేదు. మూడు బిందువులు ఎప్పుడూ ఒకే తలంలో ఉంటాయి, ఇక మడత ఎక్కడ? దాని బంధాలు సూటిగా కాక వలయం బయటికి వంగి ఉంటాయి, గట్టిగా పట్టుకోలేవు. నికెల్ ఉత్ప్రేరకంతో వేడిచేస్తూ హైడ్రోజన్ పంపితే వలయం తెగి ప్రొపేన్ అవుతుంది. అదే పరిస్థితుల్లో సైక్లోహెక్సేన్ చెక్కుచెదరదు.