ఖాళీలో మేనా, మైట్‌నా, కుడ్‌నా?

పోటీ పరీక్షల ఇంగ్లిష్ పేపర్లో ఖాళీలు పూరించమన్నప్పుడు చాలామంది తడబడేది మే, మైట్, కుడ్ దగ్గర. ఇందుకు సగం కారణం బడిలో వల్లె వేసిన ఒక సూత్రం: మేకి భూతకాలం మైట్, కెన్‌కి భూతకాలం కుడ్. ఈ సూత్రాన్నే నమ్ముకుంటే ‘ఇట్ మైట్ రెయిన్ టుమారో’ అన్న వాక్యం అర్థం కాదు. రేపటి వానకు భూతకాలం ఎక్కడిది?

ఖాళీ నింపే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. అక్కడున్నది అనుమతా, ఊహా? ఆ పని ఇప్పటిదా, గడిచిపోయిందా? తెలుగులో అనుమతికీ ఊహకీ ‘వచ్చు’ ఒక్కటే చాలు. ‘నువ్విక వెళ్లవచ్చు’ అంటే అనుమతి, ‘సాయంత్రం వాన పడవచ్చు’ అంటే ఊహ. ఇంగ్లిష్‌లో మే కూడా ఈ రెండు పనులూ చేస్తుంది.

ముందు ఊహ సంగతి. ‘సీత ఈజ్ నాట్ ఆన్సరింగ్ హర్ ఫోన్. షీ ____ బీ స్లీపింగ్.’ ఇక్కడ మే, మైట్, కుడ్ మూడూ సరైనవే. మైట్ అంటే నమ్మకం ఒక పిసరు తక్కువ, అంతే. మూడూ ఇప్పటి సంగతే చెబుతున్నాయి.

ఇప్పుడు ఇది చూడండి: ‘సీత డిడ్ నాట్ కమ్ యెస్టర్డే. షీ ____ (మిస్) ద బస్.’ నిన్నటి సంగతి కదా అని ‘మైట్ మిస్’ అని రాస్తే తప్పు. ‘మైట్ హ్యావ్ మిస్డ్’ అనాలి. మే హ్యావ్, కుడ్ హ్యావ్ అన్నా సరిపోతుంది. నిన్నటి కాలాన్ని మోస్తున్నది మైట్ కాదు, దాని వెనకున్న ‘హ్యావ్’, క్రియ మూడో రూపం. తెలుగులోనూ ఇంతే. ‘బస్సు తప్పిపోవచ్చు’ని గతంలోకి తేవాలంటే ‘వచ్చు’ మారదు, ‘తప్పిపోయి ఉండవచ్చు’ అంటాం. ఆ ‘ఉండ’ చేసే పనే అక్కడ హ్యావ్ చేస్తుంది. కర్త షీ అయినా ఇక్కడ ‘హ్యాజ్’ రాకూడదు. మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే.

జరగకుండా తప్పిపోయిన ప్రమాదమైతే లెక్క మారుతుంది. ‘వై డిడ్ యు జంప్ ఆఫ్ ద మూవింగ్ బస్? యు ____ (బ్రేక్) యువర్ లెగ్.’ కాలు విరగలేదని మనకు తెలుసు. మే హ్యావ్ అంటే విరిగిందో లేదో ఇంకా తెలియదన్న అర్థం వస్తుంది. కాబట్టి ‘కుడ్ హ్యావ్ బ్రోకెన్’ లేదా ‘మైట్ హ్యావ్ బ్రోకెన్’ రాయాలి. ‘కాలు విరిగి ఉండేది’ అని మనం మందలిస్తామే, అదే ఇది.

వ్యతిరేకంలో మైట్, కుడ్ విడిపోతాయి. ‘షీ మైట్ నాట్ హ్యావ్ సీన్ మీ’ అంటే ఆమె నన్ను చూసి ఉండకపోవచ్చు. ‘షీ కుడంట్ హ్యావ్ సీన్ మీ’ అంటే చూసే అవకాశమే లేదు. పక్క వాక్యంలో ‘షీ వాజ్ ఇన్ ఢిల్లీ దట్ డే’ అని ఉందంటే కుడంట్ హ్యావ్ రాయాల్సిందే.

ఇక అనుమతి. మర్యాదగా అడగడానికి ‘మే ఐ లీవ్ నౌ?’ అనవచ్చు, ‘కుడ్ ఐ లీవ్ నౌ?’ అని కూడా అనవచ్చు. అయితే అనుమతి ఇచ్చేవారు ‘యెస్, యు కుడ్’ అనరు. యు మే అనో, యు కెన్ అనో అంటారు.

గతంలోని అనుమతికి మే పనికిరాదు. ‘ఇన్ అవర్ హాస్టల్, వుయ్ ____ వాచ్ టీవీ ఆన్ సండేస్.’ అప్పట్లో ఎప్పుడూ ఉన్న అనుమతి కనుక కుడ్ సరైనది. అదే ఒక్కరోజు దొరికిన అనుమతితో నిజంగా చేసిన పనైతే కుడ్ కుదరదు. ‘ఐ హ్యాడ్ ఫీవర్ యెస్టర్డే, సో ఐ ____ లీవ్ ఎర్లీ’ అన్నచోట ‘వాజ్ అలౌడ్ టు’ రాయాలి. మైట్ గత అనుమతికి వచ్చేది ముఖ్యంగా ఒకరి మాటను మరొకరు చెప్పేటప్పుడు: ‘హీ ఆస్క్డ్ ఇఫ్ హీ మైట్ లీవ్.’

పై ఉదాహరణలన్నిటిలో జవాబును తేల్చింది పక్కనున్న మాటలే: యెస్టర్డే, ఆన్ సండేస్, ఇన్ ఢిల్లీ దట్ డే. అందుకే ఖాళీ కనిపించగానే పెన్ను పెట్టకండి. ముందు వాక్యం, తర్వాతి వాక్యం పూర్తిగా చదివి, అక్కడి సంగతిని తెలుగులో ఒకసారి అనుకోండి. ‘తప్పిపోయి ఉండవచ్చు’ లాగా గడిచిపోయిన పని గురించిన ఊహ వస్తే హ్యావ్ వేయండి, ‘విరిగి ఉండేది’ లాగా వస్తే మే వదిలేయండి.